టెన్త్ గ్రూప్ ఫోటో కింద ఏం రాయాలి? బూట్ల సంగతి ఒక్కటే రాయండి

ప్రశ్న: మాది గుంటూరు, మున్సిపల్ హైస్కూలు, 1996 మార్చిలో టెన్త్ రాసిన బ్యాచ్. మొన్న గ్రూప్ ఫోటో దొరికితే పోస్టు పెట్టి, గుర్తొచ్చినవన్నీ రాశాను. అందరూ దండాలు, గుండె బొమ్మలు పెట్టారు గానీ ఒక్కడూ చదివినట్టు లేదు. అదే ఫోటోతో, ఒకే ఒక్క జ్ఞాపకం మీద చిన్న నోట్ రాయాలనుంది. ఏది ఎంచుకోవాలి, ఎలా రాయాలి?

జవాబు:

మీ పాత పోస్టు మొత్తం చదివాను. లెక్కపెడితే అందులో పద్దెనిమిది సంగతులున్నాయి. ఇంటర్వెల్లో రేగొడియాల బండి, గోలీసోడా, లెక్కల మాస్టారి బెత్తం, గోడ దూకి సినిమాకి పోవడం, స్లామ్ బుక్కులు, పరీక్షల ముందు గుడి చుట్టూ ప్రదక్షిణలు. వీటిలో పదిహేడు ఎవరివైనా కావచ్చు. విజయవాడ సత్యనారాయణపురంలో చదివినాయన పేర్లు మార్చి తన ఫోటో కింద అతికించుకున్నా ఎవరూ పట్టుకోలేరు. మిగిలిన ఒక్కదాన్ని మాత్రం మీరు ఏడు మాటల్లో దాటేశారు: "ఫోటో రోజు నా బూట్లు వాడికిచ్చా, అదో కామెడీ." మీ నోట్ అదే.

చాలాకాలం ఒక పత్రికలో పాఠకులు పంపే జ్ఞాపకాల పేజీ చూశాను. వచ్చిన ఉత్తరాల్లో పనికొచ్చే సంగతి దాదాపు ఎప్పుడూ ఇలాగే ఏదో మూల నక్కి ఉండేది. మొదటి ర్యాంకు, వీడ్కోలు సభ, ఆనివర్సరీలో వేసిన నాటకం లాంటి పెద్ద సంగతులు ఇప్పటికే పదిమందికి చెప్పి చెప్పి అరిగిపోయి ఉంటాయి. మనం ఏం చెప్పాలో మనకే కంఠతా వచ్చేసి ఉంటుంది. "అదో కామెడీ" అని తోసేసినవి అలా కాదు. కాస్త సిగ్గనిపించో, ఇదేం రాస్తాంలే అనిపించో ఎవరికీ చెప్పి ఉండరు, అందుకే అవి చెక్కుచెదరకుండా ఉంటాయి.

దీన్నే ఎంచుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గోలీసోడా మీ ఫోటోలో లేదు. బెత్తమూ లేదు. బూట్లు ఉన్నాయి. ఫోటో పెద్దది చేసి చూడండి: నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పొట్టివాళ్ళ వరుస, ఎడమ నుంచి మూడోవాడు, నల్లబూట్లు. మీరేమో చివరి వరుసలో బెంచీ ఎక్కి నిలబడ్డారు, మీ కాళ్ళు కనపడవు. సగం సంగతి ఫోటోలో ఉంది, మిగతా సగం మీకు మాత్రమే తెలుసు. ఫోటోతో పాటు పెట్టే నోట్‌కి ఇంతకంటే మంచి వాటం దొరకదు. చదివినవాడు తప్పకుండా వేళ్ళతో ఫోటో లాగి ఆ బూట్ల కోసం వెతుకుతాడు.

తర్వాత నేనడిగిన వాటికి మీరు మెసేజ్‌లో పంపిన జవాబులు ముందు పెట్టుకుని రాస్తున్నాను. మీ స్నేహితుడి పేరు ఇక్కడ శీను అని మార్చాను.

మీరు పంపిన మొదటి ప్రయత్నం ఇదీ:

"ఆ రోజులే వేరు. కల్లాకపటం తెలియని వయసు. ఉన్నదేదో అందరం పంచుకునేవాళ్ళం. ఫోటో రోజున నా ప్రాణమిత్రుడు శీనుకి బూట్లు లేకపోతే నా బూట్లు ఇచ్చి, నేను వట్టికాళ్ళతో నిలబడ్డాను. స్నేహమంటే అదే కదా. మళ్ళీ వస్తాయా ఆ రోజులు?"

ఇందులో అబద్ధం లేదు, కానీ బూట్లూ లేవు. ఆరు వాక్యాల్లో ఒక్క వాక్యం సంగతి, మిగతా ఐదూ దానికి పొగడ్త. పైగా ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని దాతని చేసింది, శీనుని పుచ్చుకున్నవాణ్ణి చేసింది. మీరు కావాలని అలా రాయలేదని తెలుసు. అసలు ఎందుకిచ్చారో చెప్పకుండా "ఇచ్చాను" అంటే ఎవరు రాసినా అలాగే వస్తుంది. కారణం చెబితే ఆ వాసన పోతుంది. అందుకే ముందు కారణం అడిగాను.

మీరు చెప్పింది ఇదీ: ముందు వరుసలో చెప్పులు కనపడకూడదని పీఈటీ మాస్టారు ఆర్డరేశారు. బూట్లున్నవాళ్ళని ముందు కూర్చోబెడదామంటే వాళ్ళలో సగం మంది పొడుగు, వెనకాల వాళ్ళకి అడ్డం వస్తారు. పొట్టివాళ్ళు ముందుండక తప్పదు, పొట్టివాళ్ళకి బూట్లుండకా తప్పదు. ఇంకేముంది, వెనక వరుస కాళ్ళకున్నవన్నీ ముందు వరుసకి బదిలీ. మీ ఒక్కరి బూట్లే కాదు, ఇంకో ఇద్దరివి కూడా అలాగే ముందుకొచ్చాయన్నారు. చూశారా, ఇప్పుడు ఇందులో దానమూ లేదు, త్యాగమూ లేదు. మాస్టారి ఆర్డరుకి పిల్లలు కనిపెట్టిన ఉపాయం ఉంది. శీనుకి బూట్లెందుకు లేవో నోట్‌లో చెప్పాల్సిన అవసరమే రాదు.

ఇక క్రియల సంగతి చూడండి. తెలుగులో బడి జ్ఞాపకం రాయడానికి కూర్చుంటే చెయ్యి దానంతటదే "వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం, పంచుకునేవాళ్ళం" అని పోతుంది. ఇది రోజూ జరిగేదాన్ని చెప్పే తీరు. రోజూ జరిగేదానికి తేదీ ఉండదు, ఫలానా మనిషి ఉండడు, ఆ తర్వాత ఏమైందో కూడా ఉండదు. అందుకే అలాంటి వాక్యాలు ఎన్ని పేర్చినా కథ కదలదు. "ఆ రోజు శీను అడిగాడు, నేను విప్పాను, వాడు వేసుకున్నాడు" అన్న క్షణం పని మొదలవుతుంది, వాడు వేసుకున్నాక ఏమైందని చదివేవాడు అడుగుతాడు. నోట్ రాయడం అయ్యాక "ఏవాళ్ళం" ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ఒకటి ఉంటే ఫరవాలేదు. మూడు ఉంటే మీరు మళ్ళీ పాత పోస్టులోకి జారిపోయినట్టే.

మాటలు ఎవరి నోట్లోంచి వస్తున్నాయో కూడా చూసుకోండి. రెండో ప్రయత్నంలో శీను చేత "నీ పాదాలను ఎవరూ గమనించరు, నీ బూట్లు నాకు ఇవ్వు" అనిపించారు. గుంటూరులో పదో తరగతి చదివే మగపిల్లాడు స్నేహితుడితో అలా మాట్లాడితే వాడికి జ్వరమొచ్చిందనుకుంటారు. గట్టిగా అడిగితే, "నీ కాళ్ళెవడు చూస్తాడ్రా, ఇటియ్యి" అన్నట్టు గుర్తుందన్నారు. అదే పెట్టండి. ఒక్క మాట చాలు. నోట్ అంతా "ఏంది, ఎట్టా, అట్టాగే" అని యాసలో నింపితే కొన్నాళ్ళుగా ఊరికి దూరంగా ఉన్నవాడు ప్రదర్శన ఇస్తున్నట్టుంటుంది. మీ మామూలు మాటల్లో రాస్తూ, శీను నోరు విప్పినచోట మాత్రం వాడి మాట వాడిదిగా ఉంచండి.

ఊరి విషయంలోనూ అంతే. గుంటూరనగానే మిర్చి ఘాటు పెట్టాలని చాలామందికి చెయ్యి దురద. ఫోటో తీసింది ఫిబ్రవరిలో కాబట్టి యార్డుకి కొత్త మిర్చి వస్తూ ఉండే మాట నిజమే. కానీ ఆ ఘాటుకి ఎవరైనా తుమ్మి ఫోటో చెడిందా? లేదన్నారు. అయితే వద్దు. దానికంటే, ఫోటోగ్రాఫరు బ్రాడీపేట నాలుగో లైనులో స్టూడియో నుంచి సైకిల్ మీద స్టాండు కట్టుకుని వచ్చాడని మీరు యథాలాపంగా రాసిన మాటలో ఎక్కువ గుంటూరు ఉంది. లైన్ల లెక్కన దారి చెప్పుకునే ఊరు అదని చదివిన గుంటూరువాడికి ఠక్కున తగులుతుంది. ఈ నోట్‌లో దానికి కూడా చోటు లేదు, ఎందుకంటే కథ కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఇంకో నోట్‌కి దాచుకోండి.

గుర్తున్నదాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో చిక్కు. మీ పాత పోస్టులోనే చూడండి. టెన్త్ దసరా సెలవుల్లో బ్యాచ్ అంతా "నిన్నే పెళ్లాడతా"కి వెళ్ళామని రాశారు. ఆ సినిమా వచ్చింది 1996 అక్టోబరులో. మీరు మార్చిలోనే పరీక్షలు రాసేసి బయటికొచ్చేశారు. వెళ్ళింది నిజమే అయ్యుంటుంది, కానీ అది ఇంటర్ మొదటి సంవత్సరం సంగతి. జ్ఞాపకం ఇలా పక్క ఏడాది సామాను తెచ్చి ఈ ఏడాది గదిలో పెట్టేస్తుంది. సినిమాలు, ఎన్నికలు, తుపాన్లు, క్రికెట్ మ్యాచ్‌లు వచ్చినచోటల్లా తేదీ ఒకసారి చూసుకోండి. మీ బ్యాచ్‌లో ఇలాంటివి పట్టుకునేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, ఆ తర్వాత కామెంట్లన్నీ సినిమా రిలీజు మీదే నడుస్తాయి.

బూట్ల సంగతికి అలా చూసుకోడానికి పుస్తకాల్లో ఏమీ దొరకదు, శీనునే అడగాలి. ఇక్కడ చాలామంది చేసే పని, వాట్సాప్ గ్రూపులో "ఒరేయ్, ఫోటో రోజు బూట్లు మార్చుకున్నాం గుర్తుందా?" అని పడేయడం. అలా అడిగితే నలభై మందికీ గుర్తుంటుంది! కొత్తగా విన్నది కూడా పాతదే అనిపించేస్తుంది. ఇక ఎవరికి నిజంగా తెలుసో, ఎవరు మీ మెసేజ్ చూసి తలూపుతున్నారో తేలదు. ఒక్క శీనుకే విడిగా ఫోన్ చేయండి. సంగతి మీరు చెప్పకుండా, "గ్రూప్ ఫోటో రోజు నీకేం గుర్తుందిరా?" అని ఊరుకోండి. వాడు చెప్పడం అయ్యాక చిన్న ప్రశ్న ఒకటి వేయండి: "వదులని బూట్లలో కుక్కిన కాగితాలు ఎక్కడివి?" అవును, కాదు అని తప్పించుకోడానికి వీల్లేని ప్రశ్న అది. నేను చెప్పాక మీరు ఫోన్ చేసి అలా అడిగితేనే అవి శీను రఫ్ నోటులోవని తేలింది. మీరేమో అప్పటిదాకా సైన్సు నోటులోవి అనుకుంటున్నారు.

ఇవన్నీ కలిపి, మీ మాటలే ఎక్కువ ఉండేలా, నేను కుదించింది ఇదీ:

"నేల మీద కూర్చున్న వరుసలో ఎడమ నుంచి మూడోవాడు శీను. వాడి కాళ్ళకున్న నల్లబూట్లు నావి.

ముందు వరుసలో చెప్పులు కనపడకూడదన్నారు పీఈటీ మాస్టారు. పొట్టివాళ్ళు ముందు కూర్చోవాలి. శీను పొట్టి. బూట్లున్న నేను పొడుగు, వెనకాల బెంచీ ఎక్కాలి. 'నీ కాళ్ళెవడు చూస్తాడ్రా, ఇటియ్యి' అన్నాడు.

బాబాయి పెళ్ళికి కొన్న బూట్లవి. పెరిగే కాళ్ళని ఒక సైజు పెద్దవి తీసుకున్నారు. నాకే వదులు, వాడికైతే పడవలు. రఫ్ నోటులో కాగితాలు చింపి ముందుభాగంలో కుక్కి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఫోటో అయ్యాక అందరూ లేచారు. వాడు లేవలేదు. లేస్తే బూట్లు అక్కడే ఉండిపోతాయి.

రాత్రి అమ్మ బూట్లు తుడుస్తూ లోపల్నించి ఒక కాగితం ఉండ తీసింది. విప్పితే సగం గీసిన బొమ్మ. పక్కన శీను చేతిరాతలో 'ముత్రపిండం' అని ఉంది."

ఫోన్ తెర మీద ఒక్క చూపులో అయిపోతుంది. మొదటి రెండు వాక్యాలు చూడండి. పోస్టు కాస్త పెద్దదైతే ఫేస్‌బుక్ మొదటి కొన్ని లైన్లే చూపించి మిగతాది మడతపెట్టేస్తుంది, కాబట్టి "ఆ రోజులే వేరు"తో మొదలుపెడితే బయటికి కనపడేది అదొక్కటే. ఇక్కడ మొదటి వాక్యం ఫోటోలో ఎక్కడ చూడాలో చెబుతుంది, రెండోది చూసినా తెలియనిది చెబుతుంది. "ప్రాణమిత్రుడు" తీసేశాను. బూట్లు అడిగిన తీరులోనే అది తెలుస్తోంది. "వట్టికాళ్ళతో నిలబడ్డాను" కూడా తీసేశాను. బూట్లు వాడికిచ్చేస్తే మీరు వట్టికాళ్ళతోనే ఉంటారు, చదివేవాళ్ళు ఆ మాత్రం ఊహించగలరు. మీరే చెబితే మళ్ళీ త్యాగం మొదలవుతుంది.

చివర్లో "ఆ శీను ఇవాళ పెద్ద ఆఫీసరు, ఎన్ని జతలైనా కొనగలడు" అని కలుపుదామన్నారు. నా మాట వినండి, వద్దు. అది కలిపితే నోట్ బూట్ల గురించి కాకుండా వాడి జీతం గురించి అయిపోతుంది, అప్పట్లో వాడికి లేవన్న సంగతిని మళ్ళీ తవ్వినట్టూ అవుతుంది. పైగా మీరు అక్కడ ముగింపు పలికేస్తే బ్యాచ్ వాళ్ళకి "సూపర్ రా" అనడం తప్ప పనుండదు. సంగతి దగ్గరే ఆపేస్తే, ముందు వరుసలో మిగతావాళ్ళు తమ కాళ్ళకున్నవి ఎవరివో చెప్పడం మొదలుపెడతారు. బెంచీ మీద వట్టికాళ్ళతో ఉన్న మిగతా ఇద్దరూ బయటపడతారు. మూత్రపిండం బొమ్మకి సైన్సు టీచరు ఎన్ని మార్కులేసిందో కూడా శీనే రాస్తాడు చూడండి.

పోస్టు చేసే ముందు శీను దగ్గర ఇంకోసారి సరేననిపించుకోండి, ఈసారి నోట్ మొత్తం పంపించి. పేరు మారిస్తే చాలులే అనుకోవద్దు. ఎడమ నుంచి మూడోవాడని వేలు పెట్టి చూపిస్తున్నప్పుడు పేరు మార్చి లాభం లేదు. మీకు కామెడీ అయినది వాడికి ఇప్పటికీ కాస్త ముల్లులా ఉండొచ్చు, వాడి పిల్లలు కూడా ఫేస్‌బుక్‌లో ఉండొచ్చు. వాడు వద్దంటే ఈ నోట్ మీ డైరీలో ఉంటుంది, అంతే. కాస్త మొహమాటంగా "నీ ఇష్టం రా" అంటే దాన్ని కూడా వద్దనే అనుకోండి, ముందు మీ బ్యాచ్ గ్రూపులో మాత్రం పెట్టి చూడండి. ఫోటోలో ఆడపిల్లలు కూడా ఉన్నారు కాబట్టి అందరికీ కనపడేలా పెట్టేటప్పుడు ఎవరినీ వాళ్ళనడక్కుండా ట్యాగ్ చేయొద్దు. ఇష్టమైనవాళ్ళు వాళ్ళే వచ్చి పలకరిస్తారు.

ఫోటో విషయంలో ఒక చిన్న పని. మీరు పెట్టిన కాపీలో పై నుంచి ట్యూబులైటు మెరుపు పడి కింది వరుస తెల్లగా పోయింది, అసలు బూట్లే సరిగ్గా కనపడటం లేదు. పగలు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫోటోని బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్ సమాంతరంగా పట్టుకుని మళ్ళీ తీయండి. ఆ ఫోటో మొత్తం మొదట పెట్టి, దాని వెనక రెండో బొమ్మగా నేల వరుస కాళ్ళు మాత్రమే కత్తిరించి పెట్టండి. కింద ఎర్ర గుండ్రం, బాణం గుర్తు లాంటివి పెట్టకండి, వెతుక్కునే సరదా పోతుంది.

మిగతా పదిహేడు సంగతులు పారేయక్కర్లేదు. ఒక్కోదానికి బూట్లని అడిగినట్టే అడగండి. రేగొడియాల బండి దగ్గర అప్పు ఎవరి పేరు మీద నడిచింది, గోడ దూకినప్పుడు సంచీలు ఎవడి దగ్గర ఉన్నాయి. లెక్కల మాస్టారి బెత్తం గురించి రాస్తే మాత్రం ఆయన పేరు లేకుండా రాయండి, ఆ బెత్తం ప్రతిసారీ విరిగాక కొత్తది తెచ్చిచ్చింది మీ క్లాసులో ఎవడో ముందు కనుక్కోండి. వాడు ఇప్పటికీ ఒప్పుకోకపోవచ్చు.